బీటాపురంలో ఒక పొద్దు: కణాన్ని నగరంగా చూపే పిల్లల కథ రాయడం ఎలా

కణాన్ని నగరంగా చూపిస్తూ పిల్లలకి కథ రాయమంటే మనలో చాలామంది చేసేది ఒకటే. కేంద్రకాన్ని మేయర్‌ని చేస్తాం, మైటోకాండ్రియాని కరెంటు ఆఫీసు చేస్తాం, లైసోజోముని చెత్తబండి చేస్తాం, ఇక ఒక్కొక్కరే వరసగా వచ్చి "నా పేరు ఫలానా, నేను ఫలానా పని చేస్తాను" అని చెప్పి పక్కకి తప్పుకుంటారు. ఇది కథ కాదు, స్కూల్ వార్షికోత్సవంలో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ. నాలుగో పాత్ర వచ్చేసరికి మొదటి పాత్ర ఏం చెప్పిందో పిల్లాడికి గుర్తుండదు, ఎందుకంటే ఒకళ్ల పనికి ఇంకొకళ్లతో సంబంధం ఏమిటో కథలో ఎక్కడా లేదు.

దీనికి మందు సులువే. పనివాళ్లని పరిచయం చేయడం మానేసి, ఒక సరుకు వెంట నడవండి. ఆ సరుకు ఎక్కడ పుట్టింది, ఎవరి చేతికి వెళ్లింది, ఎక్కడ ఆగింది, ఊరు దాటి ఎలా బయటపడింది అని చెప్పుకుంటూ పోతే కణాంగాలన్నీ దారిలో వాటంతటవే తగులుతాయి. 6 నుంచి 8వ తరగతి పిల్లల్ని మనసులో పెట్టుకుని, ఒక కథని మొదటినుంచి చివరిదాకా కట్టి చూపిస్తాను.

మొదట ఏ కణమో తేల్చుకోండి

"ఒక కణం" అనేది ప్రపంచంలో ఎక్కడా లేదు. కండరాల కణం ఉంది, ఆకు కణం ఉంది, చర్మ కణం ఉంది, దేని పని దానిదే. పాఠ్యపుస్తకంలో బొమ్మ అన్నీ కలిపి గీసిన నమూనా కాబట్టి దాన్ని పట్టుకుని కథ రాస్తే ఆ నగరం ఏం తయారుచేస్తుందో చెప్పలేక తెల్లమొహం వేయాల్సి వస్తుంది.

నా ఓటు క్లోమంలోని బీటా కణానికి. పొట్ట వెనక ఉండే క్లోమంలో అక్కడక్కడ చిన్న చిన్న గుంపులుగా కణాలుంటాయి, లాంగర్‌హాన్స్ పుటికలు అంటారు. ఆ గుంపుల్లో ఎక్కువ భాగం బీటా కణాలే, వాటి పని ఇన్సులిన్ తయారుచేసి రక్తంలోకి వదలడం. తాతయ్యకో నాన్నమ్మకో షుగర్ ఉన్న ఇల్లు మన దగ్గర కొత్తేం కాదు, ఇన్సులిన్ అన్న మాట పిల్లలు వినే ఉంటారు. పైగా ఈ కణం అచ్చంగా ఒక ఫ్యాక్టరీ ఊరు, ఒక్కో కణంలో దాదాపు 10 వేల ఇన్సులిన్ సంచులు నిల్వ ఉంటాయి. ఇంతకంటే మంచి గోదాము ఎక్కడ దొరుకుతుంది?

ఊరికి ఒక పేరు పెట్టండి. నేను బీటాపురం అన్నాను.

కథ రాయకముందు దారి గీయండి

ఈ పని ఎగ్గొట్టి రాయడం మొదలుపెడితే సగం కథ అయ్యాక సరుకు ముందు దాన్ని వేరుచేసి పంపే గాల్జీకి వెళ్తుందా, మడతపెట్టే అంతర్జీవ ద్రవ్యజాలానికి వెళ్తుందా అని టెన్షన్ మొదలవుతుంది. ఒక కాగితం మీద బాణాలతో గీసుకోండి: కేంద్రకం, అక్కణ్ణుంచి రైబోజోము, తర్వాత గరుకు అంతర్జీవ ద్రవ్యజాలం, తర్వాత గాల్జీ, తర్వాత సంచి, చివరికి కణత్వచం.

ఈ వరస ఎవరో ఊహించి చెప్పింది కాదు. జార్జ్ పలాడే బృందం 1960లలో గినీ పంది క్లోమం ముక్కల మీదే దీన్ని పట్టుకుంది. అవి జీర్ణరసాలు తయారుచేసే కణాలు, బీటా కణాలకి ఇరుగుపొరుగు. కణాలకి కాసేపు రేడియోధార్మిక అమైనో ఆమ్లాలు అందించి, ఆపేసి, కొత్తగా తయారైన ప్రోటీన్ ఏ నిమిషానికి ఎక్కడ ఉందో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు. 3 నిమిషాలకి గరుకు అంతర్జీవ ద్రవ్యజాలంలో ఉంది, సుమారు 20 నిమిషాలకి గాల్జీ దగ్గర ఉంది, 2 గంటలయ్యేసరికి సంచుల్లో ఉంది. పలాడేకి 1974లో నోబెల్ వచ్చింది. కథ రాసేవాళ్లకి ఈ గడియారం బంగారం, ఎందుకంటే కథలో ఎక్కడ హడావిడి పెట్టాలో, ఎక్కడ నిదానించాలో ఇదే చెబుతుంది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. పిల్లాడు ఇడ్లీ తిన్నాడు, చక్కెర పెరిగింది, బీటాపురం వెంటనే ఇన్సులిన్ తయారుచేసి పంపింది అని రాయబుద్ధేస్తుంది. కానీ తయారీకి గంటలు పడితే నిమిషాల్లో బయటికి వెళ్లింది ఎక్కడిది? అది గోదాములో ముందే ఉన్న సరుకు. ఇవాళ తయారయ్యేది రేపటికో ఎల్లుండికో నిల్వ. అంటే మీ కథలో రెండు పనులు ఒకేసారి నడుస్తాయి, గేటు దగ్గర పాత సంచులు తెరుచుకుంటుంటే ఊరి లోపల కొత్త సరుకు పుడుతుంది. ఈ రెంటినీ కలిపేస్తే కథ తప్పవుతుంది, విడదీస్తే కథకి కావలసిన ఎదురుచూపు దొరుకుతుంది.

పాత్రలకి పని ఇవ్వండి, పదవి ఇవ్వకండి

కేంద్రకాన్ని మేయర్‌ని చేయకండి. అది ఎవరికీ హుకుం జారీ చేయదు, బయటినుంచి వచ్చే కబుర్లని బట్టే అక్కడ ఏ కాగితం తెరవాలో తేలుతుంది. రికార్డు రూం అనండి. అసలు దస్తావేజు గది దాటి రాదు, కావలసిన పేజీకి జిరాక్సు తీసి బయటికి పంపుతారు. ఆ జిరాక్సే ఎంఆర్ఎన్ఏ, అసలు దస్తావేజు డీఎన్ఏ.

రైబోజోము ఆ కాపీని మూడేసి అక్షరాలుగా చదువుతూ ఒక్కో పూస గుచ్చే పనివాడు. పూస అంటే అమైనో ఆమ్లం. మన కణాల్లో వేగం సెకనుకు సుమారు ఐదారు పూసలు. ఇన్సులిన్ కోసం మొదట గుచ్చే దండలో 110 పూసలుంటాయి. లెక్క వేస్తే అర నిమిషంలోపు పని. ఈ లెక్క పిల్లల చేతే చేయించండి, వాళ్లకి అది బాగా నచ్చుతుంది.

మైటోకాండ్రియా దగ్గర ఒక జాగ్రత్త. అది శక్తిని పుట్టించదు, చక్కెరలో ఉన్న శక్తిని తీసి ఏటీపీ రూపంలో చేతికిస్తుంది. కాబట్టి కరెంటు తీగలు గీయకండి, వాడేసిన బ్యాటరీ తీసుకుని ఛార్జి చేసింది ఇచ్చే కొట్టు అనుకోండి. తెలుగు పిల్లలకి ఇక్కడ చెప్పడానికి ఒక మంచి కబురుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1929లో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కెతో కలిసి ఏటీపీని గుర్తించారు, అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ విడిగా గుర్తించారు. కథ మధ్యలో ఇరికించకుండా కథ కింద ఒక చిన్న పెట్టెలో వేయండి.

లైసోజోముకి పాత సంచులు అప్పగించండి, మడత తప్పిన కొత్త దండల్ని కాదు. ఎక్కువమంది ఇక్కడే పొరపడతారు. ద్రవ్యజాలంలో మడత కుదరని దండని బయటికి లాగి, గుర్తు వేసి, ప్రోటియాజోమ్ అనే వేరే యంత్రంలో ముక్కలు చేస్తారు. బీటా కణంలో కాలం చెల్లిన ఇన్సులిన్ సంచులు మాత్రం లైసోజోముకి వెళ్తాయి. ఇద్దరు పారిశుధ్య కార్మికులు, ఇద్దరికీ వేరే వీధులు.

మోతగాడిని మర్చిపోకండి. పాఠ్యపుస్తకం బొమ్మలో కనిపించడు కాబట్టి కథల్లోనూ కనిపించడు, కానీ పిల్లలు ఎక్కువగా ఇష్టపడేది వీణ్ణే. కైనెసిన్ అనే ప్రోటీన్‌కి రెండు పాదాల్లాంటివి ఉంటాయి, సన్నటి గొట్టపు దారుల మీద సంచి మోసుకుంటూ అడుగులో అడుగు వేస్తుంది. అడుగు 8 నానోమీటర్లు, అడుగుకొక ఏటీపీ. కణం అడ్డంగా 10 మైక్రోమీటర్లనుకుంటే ఈ చివరి నుంచి ఆ చివరికి 1,250 అడుగులు.

ఇప్పుడు కథ

కథానాయిక ఆ పూసల దండే. చిట్టి అని పేరు పెట్టాను. ఆమెకి జరిగేవన్నీ నిజంగా కణంలో జరిగేవే, భయం, సంబరం మాత్రం మనం కలిపినవి.

*బీటాపురంలో పని మొదలైంది. ఊరి బయట రక్తపు కాలువలో చక్కెర మెల్లగా పెరుగుతోంది. ఈ ఊరివాళ్లెవరూ ఎప్పుడూ చూడని చోట ఎవరో నాలుగు ఇడ్లీలు తిన్నారు.*

*చక్కెర గేటుకి తలుపు లేదు. కాలువలో ఎక్కువైతే ఊళ్లోకీ వచ్చేస్తుంది. ఊళ్లోకి వచ్చిన చక్కెర సగానికి చీలి మైటోకాండ్రియా కొట్లకి చేరింది. కొట్ల ముందు ఛార్జయిన ఏటీపీలు కుప్పపడ్డాయి. అవి ఎక్కువయ్యేసరికి గోడలో ఉన్న పొటాషియం గేటు టక్కున మూసుకుంది. అది మూసుకుంటే కాల్షియం గేటు ఊరుకోదు, అది తెరుచుకుంది. కాల్షియం బిలబిలా లోపలికి వచ్చింది. గోడ పక్కనే కాచుకుని ఉన్న సంచులు గోడకి అతుక్కుని బయటివైపు తెరుచుకున్నాయి. వాటిలోని పాత సరుకు కాలువలో పడి వెళ్లిపోయింది.*

*"గోదాము ఖాళీ అవుతోంది రాజన్నా! గుచ్చు, గుచ్చు!"*

*రైబోజోం రాజన్న చేతిలో రికార్డు రూం నుంచి వచ్చిన కాపీ ఉంది. మూడక్షరాలు చదివాడు, ఒక పూస గుచ్చాడు. మళ్లీ మూడు, మళ్లీ పూస. చిట్టి తల ముందు బయటికి వచ్చింది.*

*"నేనెవరిని అన్నా?"*

*"ఇంకా గుచ్చలేదుగా, నాకేం తెలుసు? నీ మెడలో చీటీ మాత్రం ఉంది. మొదటి 24 పూసలే నీ చీటీ. ద్రవ్యజాలం ఇంటికి పంపమని రాసుంది."*

*చీటీ చదివినవాడు ఒకడు పరిగెత్తుకొచ్చి రాజన్నని, చిట్టిని కలిపి ద్రవ్యజాలం గోడ దగ్గరికి తీసుకెళ్లాడు. గోడలో సన్నటి కంత ఉంది. రాజన్న బయట గుచ్చుతుంటే చిట్టి లోపలికి జారుతోంది. లోపల అడుగుపెట్టగానే కత్తెర చప్పుడైంది.*

*"అమ్మో, నా చీటీ!"*

*"ఇల్లు చేరాక చిరునామా ఎందుకే?" అంది మడతల మంగమ్మ. చిట్టిలో ఇప్పుడు 86 పూసలు. మంగమ్మ ఆమె నడుం వంచింది, ఈ కొస తెచ్చి ఆ కొస పక్కన పెట్టింది. మూడు చోట్ల ముడులు పడ్డాయి. పక్కనే ఇంకో దండకి మడత కుదరలేదు. మంగమ్మ మళ్లీ ప్రయత్నించింది. అయినా కుదరలేదు. దాన్ని ఎవరో వచ్చి బయటికి లాక్కెళ్లారు. చిట్టి అటు చూడలేదు.*

*అక్కణ్ణుంచి చిన్న బుడగలో గాల్జీ గోపయ్య దగ్గరికి. గోపయ్య ఇంట్లో అరల మీద అరలు. ఒక్కో అర దాటిస్తూ, "నువ్వు సంచిలోకా? నువ్వు లైసోజోముకా? నువ్వు గోడకా?" అని అడుగుతూ వేరుచేస్తాడు. చిట్టిని ఒక సంచిలో వేశాడు. సంచిలో కత్తెరలు కూడా వేశాడు.*

*"మళ్లీనా?" అని ఏడుపు అందుకుంది చిట్టి.*

*కత్తెరలు మధ్యలో పడ్డాయి. నడుం దగ్గరి ముక్క ఊడిపోయింది. చిట్టి కళ్లు మూసుకుంది. కానీ ఆమె రెండు ముక్కలై విడిపోలేదు. మంగమ్మ వేసిన ముడులు పట్టుకునే ఉన్నాయి. ఒకవైపు 30 పూసలు, ఒకవైపు 21.*

*"ఇప్పుడు అడుగు నువ్వెవరివో," అన్నాడు గోపయ్య. "ఇన్సులిన్‌వి."*

*మోత కిట్టు సంచి భుజానికెత్తుకున్నాడు. ఒక అడుగు, ఒక ఏటీపీ. ఇంకో అడుగు, ఇంకో ఏటీపీ. దారి పొడుగునా జనం, తోపులాట. గోడ దగ్గరి గోదాములో దింపి వెనక్కి తిరిగాడు.*

*"ఎంతసేపు ఉండాలి ఇక్కడ?"*

*"కాల్షియం వచ్చేదాకా," అన్నాయి పక్క సంచులు.*

*మర్నాడు కాల్షియం వచ్చింది. సంచి గోడకి అతుక్కుని తెరుచుకుంది. చిట్టి కాలువలో పడింది. కాలేయం దాటింది. అక్కడ తోటి ఇన్సులిన్లు చాలామంది ఆగిపోయారు. కొట్టుకుంటూ కొట్టుకుంటూ కండరాల ఊరికి చేరింది. ఆ ఊరి గోడ మీద తన ఆకారానికి సరిగ్గా సరిపోయే గంట ఒకటి ఉంది. చిట్టి దాని మీద వాలింది. లోపలెక్కడో చక్కెర తలుపులు గోడ వైపు కదలడం మొదలుపెట్టాయి.*

రాశాక లెక్క సరిచూడండి

కథలో అంకెలు వేస్తే అవి కలవాలి. 110లో చీటీ 24 పోతే 86. చివరికి మిగిలింది 30, 21 కలిపి 51. నడుం దగ్గర ఊడింది సి-పెప్టైడ్, 31 పూసలు. 51, 31 కలిపితే 82 అవుతుంది, నాలుగు తగ్గాయి కదా అని తెలివైన పిల్ల ఎవరో ఒకరు లేచి అడుగుతుంది. కత్తెర పడే రెండు చోట్లా రెండేసి పూసలు రాలిపోతాయి, ఆ నాలుగూ అవే. ఆ ఊడిన 31 పూసల ముక్క వృథా కూడా కాదు, అది అదే సంచిలో ఉండి ఇన్సులిన్‌తో పాటే రక్తంలోకి వెళ్తుంది. అందుకే సి-పెప్టైడ్ రక్తపరీక్ష చేస్తే, ఇంజెక్షన్ తీసుకునే మనిషిలో కూడా సొంత బీటా కణాలు ఇంకా పనిచేస్తున్నాయో లేదో డాక్టర్లకి తెలుస్తుంది.

పదేళ్లలోపు పిల్లలకైతే అంకెలన్నీ తీసేయండి. చీటీ, మడత, కత్తెర, సంచి, గంట ఉంటే చాలు, కాల్షియం పేరు కూడా అక్కర్లేదు.

నగరం పోలిక ఎక్కడ తెగుతుందో మీరే చెప్పండి

పోలికతో చెప్పిన పాఠంలో ఇబ్బంది ఏమిటంటే పిల్లలు పోలికని కూడా పాఠంతో పాటే నమ్మేస్తారు. రెండు చోట్ల ముఖ్యంగా జాగ్రత్త పడాలి.

ఒకటి, బీటాపురంలో ఎవరికీ బుర్ర లేదు. రాజన్న ఆలోచించి గుచ్చడు, గోపయ్య అడిగి వేరుచేయడు. ఆకారాలు, విద్యుదావేశాలు ఒకదానికొకటి కుదిరితే అతుక్కుంటాయి, లేకపోతే లేదు. కథ అయ్యాక పిల్లల్ని అడగండి: "చిట్టిని ఏ వీధికి పంపాలో గోపయ్యకి ఎలా తెలిసింది?" అని. "ఆయన తెలివైనవాడు కాబట్టి" అని జవాబొస్తే పోలిక పాఠాన్ని మింగేసిందన్నమాట. "దండ మీద గుర్తులున్నాయి" అన్న జవాబు దగ్గరికొస్తే సరిపోయినట్టే.

రెండోది ఖాళీ స్థలం. నగరం అనగానే వీధులు, మధ్యలో జాగా ఊహించుకుంటాం. కణద్రవ్యంలో జాగా తక్కువ, ప్రోటీన్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ అన్నివైపులా కదులుతూనే ఉంటాయి. కిట్టు దారిలో తోపులాట అని ఒక్క ముక్క పెట్టింది అందుకే. ఇంకా రాజన్న ఒక్కడే కాదు, అతనిలాంటివాళ్లు ఊళ్లో లక్షల్లో ఉంటారు. బొమ్మ వేసేటప్పుడు ద్రవ్యజాలం గోడ నిండా రాజన్నల్ని చుక్కలుగా పెట్టించండి, గరుకు అన్న పేరు ఎందుకొచ్చిందో అడగకుండానే అర్థమవుతుంది.

అర్థమైందో లేదో తేల్చే ప్రశ్నలు

"మైటోకాండ్రియా పని ఏమిటి?" అని అడగకండి, బట్టీ జవాబే వస్తుంది. ఊళ్లో ఏదో ఒకటి చెడగొట్టి అడగండి. మైటోకాండ్రియా కొట్లు మూతపడితే గోదాములో సరుకున్నా బయటికి వెళ్తుందా? వెళ్లదు, ఏటీపీ పెరగకపోతే పొటాషియం గేటు మూసుకోదు, కాల్షియం రాదు. చీటీ పూసలు అసలు గుచ్చకుండానే వదిలేస్తే? చిట్టి ద్రవ్యజాలం మొహం చూడదు, కణద్రవ్యంలోనే ఉండిపోతుంది. ఇలా గొలుసు పట్టుకుని జవాబు చెప్పగలిగితే ఆ పిల్లాడికి కణం తెలిసినట్టే, పేర్లు ఒకటీ అరా మరిచినా పర్లేదు.

షుగర్ గురించి పిల్లలు తప్పకుండా అడుగుతారు. టైప్ 1లో రక్షణ వ్యవస్థ పొరపాటున బీటాపురాల్నే కూల్చేస్తుంది. టైప్ 2లో మొదట గంట, అంటే ఇన్సులిన్‌ని పట్టుకునే గ్రాహకం, మోగినా కండరాల ఊరు, కాలేయం ఊరు సరిగ్గా వినిపించుకోవు, బీటాపురాలు ఇంకా ఇంకా సరుకు పంపి అలిసిపోతాయి. మిఠాయిలు తిన్నందుకు శిక్ష అన్నట్టు మాత్రం రాయకండి, ఆ క్లాసులో టైప్ 1 ఉన్న పిల్ల కూర్చుని ఉండొచ్చు.

ఈ కథ కుదిరాక రెండో ఊరిని పిల్లలకే వదిలేయండి. ఎర్ర రక్తకణం ఇవ్వండి: ఎదిగిన ఎర్ర రక్తకణంలో కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేదు, రైబోజోములూ లేవు. రికార్డు రూం లేని ఊళ్లో ఏదైనా పాడైతే బాగుచేసుకోవడం ఎలా, ఆ ఊరు సుమారు 120 రోజులకి మించి ఎందుకు బతకదు అన్నది వాళ్లనే కథగా రాయమనండి.